గేరు మార్చమనే బాణం

కొత్తగా కారు కొన్నవాళ్లు మొదటి నెలలో మెకానిక్‌ను అడిగే ప్రశ్నల్లో ఇదొకటి. నల్లగొండ క్లాక్‌టవర్ చుట్టుపక్కలైనా, జడ్చర్ల చౌరస్తాలోనైనా ఆ మాట దాదాపు ఒకే తీరుగా వినిపిస్తుంది. “అన్నా, మీటర్ల బాణం గుర్తు వస్తున్నది, పోతున్నది. ఏమన్న ఖరాబైందా?” మెకానిక్ బానెట్ కూడా ఎత్తడు. “ఖరాబేం లేదు తమ్మీ, గేరు మార్చుకోమంటున్నది, అంతే.” అడిగినవాడు ఊపిరి పీల్చుకుంటాడు కానీ సందేహం పూర్తిగా తీరదు. మార్చకపోతే ఏమవుతుంది? మార్చమన్న ప్రతిసారీ మార్చాలా? నిన్న ఘాట్ రోడ్డు మీద అది చెప్పినట్టు మారిస్తే బండి గుంజలేదు కదా, అదేంది?

ఈ చిన్న ప్రశ్నకు కొంచెం పెద్ద సమాధానమే ఉంది. క్లచ్ తొక్కి చేత్తో గేరు వేసుకునే కార్లు మన జిల్లాల్లో ఇంకా ఎక్కువే కాబట్టి ఆ సమాధానం తెలుసుకోవడం దండగ కాదు.

ముందు ఆ గుర్తును సరిగ్గా చూద్దాం. స్పీడు ముల్లు పక్కనో, కిలోమీటర్ల అంకె కిందో ఒక చిన్న బాణం ఉంటుంది. పైకి చూపితే పై గేరు వేయమని, కిందికి చూపితే కింది గేరుకు రమ్మని. కొన్ని కార్లలో బాణం పక్కనే ఏ గేరు వేయాలో అంకె కూడా పడుతుంది. దాని రంగు చూడండి. చాలా కార్లలో తెలుపో ఆకుపచ్చో ఉంటుంది. కూత పెట్టదు, గంట కొట్టదు. మీరు పట్టించుకోకపోతే కాసేపు ఉండి, పరిస్థితి మారగానే తనంతట తానే పోతుంది.

డ్యాష్‌బోర్డు మీద రంగులకు ప్రపంచమంతా ఒక ఒప్పందం ఉంది. ఎరుపు పడితే ప్రమాదం, వెంటనే ఏదో ఒకటి చేయాలి. ఇంజన్ ఆయిల్ ప్రెజర్ తగ్గినప్పుడు పడే నూనెడబ్బా గుర్తు, ఇంజన్ వేడెక్కినప్పుడు పడే థర్మామీటర్ గుర్తు అలాంటివి. పసుపు రంగు పడితే జాగ్రత్త, తొందర్లోనే చూపించుకోవాలి. చెక్ ఇంజన్ లైటు ఆ కోవలోది. ఆకుపచ్చ అంటే ఏదో ఒకటి పని చేస్తున్నదని చెప్పడమే. ఇండికేటర్ వేసినప్పుడు మిణుకుమనేది అదే. నీలం హైబీమ్‌కు. గేరు బాణం ఎరుపులోకీ రాదు, పసుపులోకీ రాదు. తయారుచేసినవాళ్లే దాన్ని ఆ వరుసలోంచి తప్పించి పక్కన కూర్చోబెట్టారు. ఆయిల్ లైటు పడ్డాక ఐదు కిలోమీటర్లు నడిపితే ఇంజన్ పట్టేసి లక్ష రూపాయల పని పడొచ్చు. బాణాన్ని ఐదేళ్లు పట్టించుకోకపోయినా ఏ భాగమూ విరగదు. పోయేది కొంత పెట్రోలు మాత్రమే.

బాణం వెనక ఉన్న లెక్క ఏమిటంటే, ఇంజన్ కంప్యూటర్‌కు ఎప్పుడూ అందే సమాచారం కొంత ఉంటుంది. ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతున్నది, బండి ఎంత వేగంతో పోతున్నది, మీ కాలు ఎక్సలేటర్‌ను ఎంత తొక్కింది. చాలా మాన్యువల్ కార్లలో మీరు ఏ గేరులో ఉన్నారో చెప్పే ప్రత్యేక యంత్రమేమీ ఉండదు. ఇంజన్ చుట్లను బండి వేగంతో పోల్చి, ఆ నిష్పత్తిని బట్టి కంప్యూటరే పోల్చుకుంటుంది. అందుకే మీరు క్లచ్ తొక్కగానే బాణం మాయమవుతుంది. చౌటుప్పల్ బజారులో ట్రాఫిక్‌లో హాఫ్ క్లచ్ మీద పాకుతున్నప్పుడు కూడా అది నోరు మెదపదు. ఇంజనుకూ చక్రానికీ లంకె తెగిన క్షణంలో దానికి లెక్క అందదు.

లెక్క అందినప్పుడు మాత్రం అది తనను తాను ఒకే ఒక ప్రశ్న వేసుకుంటుంది. ఇప్పుడు ఈ బండికి కావలసిన శక్తిని పై గేరులో తక్కువ చుట్లతో ఇవ్వగలనా? ఇవ్వగలిగితే, పెట్రోలు తగ్గుతుందంటే, పైకి బాణం. అంతకు మించి దాని మనసులో వేరే ఆలోచన లేదు.

విజయవాడ హైవే మీద ఒక ఉదాహరణ తీసుకుందాం. పంతంగి టోల్‌గేటు దాటి సూర్యాపేట వైపు పోతున్న చిన్న పెట్రోల్ కారు అనుకోండి. కార్లను బట్టి పళ్లచక్రాల లెక్క మారుతుంది గానీ, ఒక మాదిరి చిన్న కారు నాలుగో గేరులో గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతే ఇంజన్ నిమిషానికి సుమారు 2,750 చుట్లు తిరుగుతుంది. అదే వేగంలో ఐదో గేరు వేస్తే 2,150 చుట్లు చాలు. నిమిషానికి 600 చుట్ల తేడా. సూర్యాపేట చేరడానికి గంట పట్టిందనుకుంటే 36 వేల చుట్లు ఇంజన్ ఊరికే తిరిగినట్టు లెక్క. బండి మాత్రం రెండు సందర్భాల్లోనూ అంతే దూరం, అంతే వేగంతో పోయింది.

ప్రతి చుట్టుకూ ఖర్చుంది. పిస్టన్లు సిలిండర్ గోడలకు రాసుకుంటూ కిందికీ పైకీ పోవాలి, వాల్వులు తెరుచుకుని మూసుకోవాలి, ఆయిల్ పంపు తిరగాలి. పెట్రోల్ ఇంజనుకు ఇంకొక బాధ కూడా ఉంది. దానికి గాలి పోయే దారిలో థ్రాటిల్ అనే ఒక పలక ఉంటుంది. మీరు ఎక్సలేటర్‌ను కొద్దిగా తొక్కితే ఆ పలక కొద్దిగానే తెరుచుకుంటుంది. ఆ సందులోంచి గాలిని లాక్కోవడానికే ఇంజన్ తన శక్తిలో కొంత పోగొట్టుకుంటుంది. చదునైన రోడ్డు మీద గంటకు 80తో పోవడానికి చిన్న కారుకు పది పన్నెండు హార్స్‌పవర్ చాలు. ఇంజన్ సత్తా ఎనభై దాకా ఉంటుంది. అంటే అది తన బలంలో ఏడో వంతుతో, మూతి సగం మూసుకుని పని చేస్తున్నది. పై గేరు వేసి చుట్లు తగ్గిస్తే అదే శక్తి కోసం పలక మరికాస్త తెరవాల్సి వస్తుంది, గాలి సులువుగా పోతుంది, రాపిడి తగ్గుతుంది. డీజిల్ ఇంజన్లలో గాలికి ఈ అడ్డం పెద్దగా ఉండదు గానీ, రాపిడి తగ్గే లాభం వాటికీ ఉంది. టోల్‌గేటు దగ్గర ఆగి బయలుదేరిన బండికి సెకండు, థర్డు, ఫోర్తు, ఫిఫ్తు అంటూ బాణం వరుసగా వెంటపడేది ఇందుకే. కాలు మెల్లగా ఉంటే రెండు వేల చుట్ల దగ్గరే వచ్చేస్తుంది. గట్టిగా తొక్కుతుంటే మీకు ఊపు కావాలేమోనని ఇంకాస్త ఆగి వస్తుంది.

అలాంటి రోడ్డు మీద దాని మాట వినడంలో నష్టమేమీ లేదు. చిట్యాల, నార్కట్‌పల్లి, నకిరేకల్ దాటి పోయే నాలుగు వరుసల దారి బాణం కోసమే వేసినట్టుంటుంది. డ్రైవింగ్ స్కూళ్లలో ఇరవైకి సెకండు, ముప్పైకి థర్డు, నలభైకి ఫోర్తు అని కంఠతా పట్టిస్తారు. అది నేర్చుకునేటప్పుడు చేతికర్ర లాంటి లెక్క. బండిలో ఒక్కరున్నా ఐదుగురున్నా, కాలు మెల్లగా ఉన్నా గట్టిగా ఉన్నా ఆ అంకెలు మారవు. బాణం ఆ క్షణంలో ఇంజన్ మీద ఉన్న భారాన్ని చూసి చెబుతుంది కాబట్టి మైదానంలో దానిదే మెరుగైన లెక్క.

ఇక ఇంకో రోడ్డు ఎక్కుదాం. హైదరాబాదు నుంచి శ్రీశైలం పోయే 765వ నంబరు జాతీయ రహదారి మన రెండు పాత జిల్లాలనూ తాకుతుంది. ఆమనగల్లు, వెల్దండ మీదుగా పాలమూరు నేలలో సాగి, డిండి దగ్గర నల్లగొండ జిల్లాను ఒరుసుకుని, హాజీపూర్ దాటాక నల్లమల కొండ ఎక్కుతుంది. 2016లో జిల్లాల విభజన తర్వాత ఆ కొండ ప్రాంతం నాగర్‌కర్నూల్ జిల్లాలోకి వెళ్లింది గానీ, జనం నోట ఇంకా పాలమూరే. ఉమామహేశ్వరం గుడి కొండను ఒక పక్క చూసుకుంటూ మన్ననూరు దాకా పోయే ఆ ఎక్కుడు దారి మీద బాణం తీరు వేరుగా ఉంటుంది.

అదే చిన్న కారు. ఈసారి అందులో ఐదుగురు, డిక్కీలో సామాను. ఏసీ వేసి ఉంది. మొత్తం బరువు 1,300 కిలోలు అనుకుందాం. దారి ప్రతి 20 మీటర్లకు ఒక మీటరు ఎత్తు పెరుగుతోంది అనుకుందాం. మన దేశంలో కొండ దారులకు ఇంజినీర్లు మామూలుగా పాటించే వాలు అదే. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే ఆ ఇంజన్ చదును నేల మీద ఇచ్చే శక్తికి దాదాపు నాలుగింతలు ఇవ్వాలి. నాలుగో గేరులో ఆ వేగానికి ఇంజన్ నిమిషానికి 1,350 చుట్ల దగ్గర ఉంటుంది. అంత తక్కువ చుట్ల మీద చిన్న ఇంజన్ ఇవ్వగలిగిన తోపుడంతా ఈ ఎక్కుడుకే అయిపోతుంది, ఏసీకి పోగా మిగిలేది దాదాపు ఏమీ లేదు. వాలు ఇంకొంచెం పెరిగితే బండి నీరసపడుతుంది. అదే మూడో గేరులో చుట్లు 1,850 అవుతాయి. అవసరమైన తోపుడు నాలుగింట మూడు వంతులకు తగ్గి, ఇంజన్ దగ్గర కాస్త బలం మిగిలి ఉంటుంది. ఈ రెంటిలో ఏది సరైన గేరో ఘాట్ మీద బండి నడిపే ఎవరికైనా లెక్క లేకుండానే తెలుసు.

మరి బాణం ఏం చేస్తుంది? ఎక్కుడు మీద కాలు నొక్కి ఉన్నంతసేపూ మంచి కార్లలో అది పై గేరు అడగదు. ఇంత గట్టిగా తొక్కుతున్నాడంటే బలం కావాలి కాబోలు అని ఊరుకుంటుంది. చిక్కు వచ్చేది మలుపుల దగ్గర. మలుపులో రోడ్డు కాస్త చదునవుతుంది, మీరు కాలు ఎత్తుతారు. ఆ క్షణంలో బాణానికి కనిపించేది ఒకటే. వేగం నలభై, కాలు ఖాళీ, మూడో గేరులో చుట్లు ఎక్కువ. వెంటనే పైకి చూపుతుంది, నాలుగు వేయమని. మీరు విని వేశారు. మలుపు తిరిగేసరికి ఎదురుగా మళ్లీ ఎక్కుడు. ఇంజన్ గుర్రుమంటుంది, స్పీడు పడిపోతుంది, మళ్లీ మూడుకు రావాలి. గేరు మార్చిన ప్రతిసారీ ఆ అర సెకనులో ఊపు పోతుంది, పోయిన ఊపును తిరిగి తెచ్చుకోవడానికి పెట్రోలు కాలుతుంది. ఆదా చేయమని చెప్పిన మాటే అక్కడ ఖర్చు పెట్టించింది.

బాణం తప్పు చెప్పిందనలేం. తనకు తెలిసినంతవరకు నిజమే చెప్పింది. దానికి తెలియనిదల్లా ముందున్న దారి. మలుపు అవతల ఎక్కుడు ఉందనీ, ముందు పోతున్న పత్తి లారీ ఇంకో రెండు వందల గజాల్లో ఫస్టు గేరుకు వస్తుందనీ, రోడ్డు పక్కన గుంపుగా కూర్చున్న కోతులకు ఎవరో అరటిపండు విసరబోతున్నారనీ దానికి తెలియదు. అద్దంలోంచి బయటికి చూసేది మీరొక్కరే. నడిపేవాడి కళ్లు పది సెకన్ల ముందుకు చూస్తుంటాయి, బాణం ఇప్పుడున్న క్షణాన్ని మాత్రమే చూస్తుంది. దాన్ని ఆజ్ఞగా కాక సలహాగా తయారుచేయడానికి అసలు కారణం ఇదే. ముందు చూపు లేని యంత్రానికి ఆజ్ఞాపించే హక్కు ఇవ్వలేదు, ఇవ్వకూడదు కూడా. చాలా కార్లతో వచ్చే పుస్తకంలో ఈ సంగతి రాసే ఉంటుంది. రోడ్డు, ట్రాఫిక్ చూసుకుని గేరు వేసే బాధ్యత నడిపేవారిదేనని. ఆ పుస్తకం మన దగ్గర ఎక్కువగా గ్లవ్ బాక్సులోనే, దాని ప్లాస్టిక్ కవరులోనే ముసలిదవుతుంది, అది వేరే సంగతి.

దేవరకొండ, మల్లేపల్లి వైపు రెండు వరుసల రోడ్ల మీద ఓవర్‌టేక్ చేసేటప్పుడూ ఇంతే. వరి గడ్డి ట్రాక్టర్‌ను దాటడానికి థర్డుకు వచ్చి తొక్కుతున్నప్పుడు బాణం పైకి చూపితే, దాటేదాకా దాని వైపు చూడాల్సిన అవసరమే లేదు. ఎదురుగా బండి వస్తున్నప్పుడు ఆ రెండు చుక్కల పెట్రోలు గురించి ఎవరూ ఆలోచించరు.

ఇంతకీ ఈ బాణం ఎక్కడి నుంచి వచ్చింది? కొత్త ఆలోచనేమీ కాదు. 1980ల మొదట్లోనే జర్మనీలో ఫోక్స్‌వాగన్ కంపెనీ పొదుపు కోసం అమ్మిన ‘ఫార్మెల్ ఇ’ కార్లలో గేరు మార్చమని చెప్పే దీపం పెట్టింది. అది అందరి కార్లలోకి వచ్చింది మాత్రం చట్టం వల్లే. ఐరోపా యూనియన్ 2009లో చేసిన నిబంధన ప్రకారం చేతి గేరు కార్లలో ఈ గుర్తు ఉండాలి. కొత్త మోడళ్లకు 2012 నవంబరు నుంచి, కొత్తగా అమ్మే ప్రతి కారుకు 2014 నవంబరు నుంచి అమలు. ఆ చట్టం కూడా కంపెనీలు బాణం పెట్టాలని అంది గానీ, నడిపేవాళ్లు దాన్ని పాటించాలని ఎక్కడా అనలేదు. మన దేశంలో 2017 ఏప్రిల్ నుంచి కార్ల కంపెనీలు తాము అమ్మే కార్లన్నిటి మీద సగటున ఇంత కంటే ఎక్కువ ఇంధనం ఖర్చు కాకూడదనే నిబంధన వచ్చింది, 2022లో ఇంకా బిగిసింది. మైలేజీ మీద కంపెనీలకు శ్రద్ధ పెరిగిన ఆ రోజుల్లోనే మన చిన్న కార్ల మీటర్లలో కూడా ఈ గుర్తు మామూలైపోయింది.

బాణం లేని కాలంలో గేరు విద్య లేదని ఎవరూ అనుకోవద్దు. ఆర్టీసీ డిపోల్లో కెఎంపీఎల్ అనే మాట తెలియని డ్రైవర్ ఉండడు. లీటరు డీజిల్‌కు ఎన్ని కిలోమీటర్లు తీశాడో డ్రైవర్ వారీగా లెక్క కడతారు. తక్కువ వచ్చినవాళ్లకు శిక్షణ ఇస్తారు, ఎక్కువ తీసినవాళ్లను మెచ్చుకుంటారు. అచ్చంపేట నుంచి శ్రీశైలం బస్సు నడిపే పాత డ్రైవర్‌ను గమనించండి. ఎక్కుడు మొదలు కాకముందే, బండి ఊపు మీద ఉండగానే కింది గేరులోకి వస్తాడు. బండి నీరసపడ్డాక మారిస్తే రెండు గేర్లు దిగాల్సి వస్తుందని అతనికి తెలుసు. పైకి వెళ్లాక, ఎదుట దారి సాగుతుందని కంటికి కనిపించినప్పుడే పై గేరు వేస్తాడు. అతని లెక్క నెల చివర్లో తేలుతుంది, బాణం లెక్క క్షణం క్షణం. నెల మొత్తం మీద చూస్తే ఆ డ్రైవరే ఎక్కువ ఆదా చేస్తాడని నా నమ్మకం.

కిందికి చూపే బాణం సంగతి కాస్త వేరు. అది తక్కువగా వస్తుంది గానీ, వచ్చినప్పుడు వినడం మేలు. ఇంజన్ మరీ తక్కువ చుట్ల మీద ఎక్కువ భారం మోస్తున్నదని దాని అర్థం. ఆ స్థితిని బాణం కంటే ముందే చెవి, కాలు పసిగడతాయి. స్టీరింగులో, సీటు కింద ఒక వణుకు పుడుతుంది. ఎక్సలేటర్ ఇంకా తొక్కినా స్పీడు పెరగదు, గుర్రుమనే చప్పుడు మాత్రం పెరుగుతుంది. కొన్నిసార్లు సన్నగా గులకరాళ్లు దొర్లినట్టు టకటకమనే శబ్దం కూడా వస్తుంది. ఇంజన్లో మంట సమయం తప్పి అంటుకుంటున్నదన్నమాట. కొత్త కార్లలో దాన్ని పసిగట్టే సెన్సార్ ఉండి, మంట వేళను వెనక్కి జరిపి ఇంజన్ను కాపాడుతుంది. కానీ అలా జరిపినప్పుడు బలం ఇంకా తగ్గుతుంది. చిన్న టర్బో పెట్రోల్ ఇంజన్లకు ఈ తక్కువ చుట్ల బరువు మరీ పడదు. కాబట్టి మైలేజీ వస్తుందని ముప్పైలోనే టాప్ గేరు వేసి స్పీడ్‌బ్రేకర్లు కూడా అదే గేరులో దాటించే అలవాటు పొదుపు కిందికి రాదు. బాణం కూడా అలా నడపమని చెప్పదు. పై గేరు తక్కువ చుట్లతో సరిపోయినప్పుడు పైకి రమ్మంటుంది, సరిపోనప్పుడు కిందికి దిగమంటుంది. ఆ రెండో మాటను చాలామంది వినిపించుకోరు.

ఇక చివరగా దిగుడు గురించి. మన్ననూరు, వటవర్లపల్లి, దోమలపెంట దాటి, ఈగలపెంట దగ్గర నుంచి శ్రీశైలం డ్యామ్ వైపు దిగే ఆ వంకర టింకర దారి మీద చాలామంది రెండు పొరపాట్లు చేస్తారు. మొదటిది, పెట్రోలు కాలదు కదా అని న్యూట్రల్ చేసి వదిలేయడం. పాత కార్బొరేటర్ రోజుల్లో ఆ మాటలో ఎంతో కొంత నిజముండేది. ఇప్పటి ఇంజన్లలో గేరులో ఉంచి ఎక్సలేటర్ మీది నుంచి కాలు తీసేస్తే, చక్రాలే ఇంజన్ను తిప్పుతాయి కాబట్టి కంప్యూటర్ ఇంధనాన్ని పూర్తిగా ఆపేస్తుంది. న్యూట్రల్‌లో మాత్రం ఇంజన్ ఆగిపోకుండా ఉండడానికి కొంత కాల్చక తప్పదు. అంటే న్యూట్రల్ వల్ల ఆదా లేదు, పైగా ఖర్చు. అంతకంటే ముఖ్యంగా, ఇంజన్ బండిని పట్టి ఆపే బలం పోయి భారమంతా బ్రేకుల మీద పడుతుంది.

రెండోది బాణం మాట విని పై గేరు వేయడం. దిగుడులో సెకండు గేరులో చుట్లు మూడు వేల దగ్గర ఉంటాయి, కాలు ఖాళీ. బాణం లెక్కకు ఇది వృథా. థర్డు వేయమని చూపుతుంది. కొన్ని కార్లలో వాలు పసిగట్టే సెన్సార్ ఉన్నా, బాణం దాన్ని ఎప్పుడూ లెక్కలోకి తీసుకుంటుందనుకోవడానికి లేదు. ఆ మూడు వేల చుట్ల మీదే ఇంజన్ బండిని పట్టి ఉంచుతున్నదని, ఆ సమయంలో పెట్రోలు చుక్క కూడా కాలడం లేదని దానికి పట్టదు. థర్డు వేయగానే బండి జారుతుంది, మీరు బ్రేకు తొక్కుతారు, తొక్కుతూనే ఉంటారు. మలుపు మలుపుకీ వేడెక్కిన బ్రేకులు కిందికి వచ్చేసరికి మెత్తబడి, కాలు లోపలికి దిగిపోతుంది. కాలిన వాసన వస్తే అది అప్పటికే మొదలైనట్టు.

ఆ దారి మీద ఎక్కేటప్పుడు ఏ గేరు పట్టిందో దిగేటప్పుడూ అదే గేరు పెట్టాలని పాత డ్రైవర్లు చెప్పే లెక్క ఇప్పటికీ సరైనదే. శివరాత్రికి కుటుంబంతో బయలుదేరేవాళ్లు ఒక్క పని చేయండి. ఈగలపెంట దాటగానే సెకండులోకి రండి, డ్యామ్ కనిపించేదాకా అందులోనే దిగండి. మీటరులో బాణం పైకి చూపుతూనే ఉంటుంది, చూపనివ్వండి.